‘వాంట్ హిమ్ టు గో’ సరైనప్పుడు ‘లెట్ హిమ్ టు గో’ ఎందుకు తప్పు?

మాదాపూర్_మెట్లు

విదేశంలోని మా ఖాతాదారుకు పంపవలసిన ఒక మెయిల్‌ను నిన్న రాసి, ముందుగా మా పైఅధికారికి చూపించాను. ఆయన మూడు వాక్యాల కింద గీత గీసి, మూడింటిలోనూ తప్పు ఒకే చోట ఉందని, అదేమిటో నన్నే కనిపెట్టమని అన్నారు. ఆ మూడు వాక్యాలు ఇవి. మొదటిది, ‘వి వాంట్ దట్ యువర్ టీమ్ షుడ్ చెక్ ద రిపోర్ట్’. రెండవది, ‘ద ఎర్రర్ మేడ్ ద సర్వర్ టు రీస్టార్ట్’. మూడవది, ‘ప్లీజ్ లెట్ అస్ టు నో’.

పక్క సీటులోని స్నేహితుణ్ణి అడిగితే, ‘వాంట్’ తర్వాత మనిషిని పెట్టి, ఆ తర్వాత ‘టు’ పెట్టి, ఆపైన క్రియ రాయాలని చెప్పాడు. ఆ ప్రకారం మొదటి వాక్యాన్ని ‘వి వాంట్ యువర్ టీమ్ టు చెక్ ద రిపోర్ట్’ అని మార్చాను. తక్కిన రెండింటిలో మనిషో వస్తువో, దాని తర్వాత ‘టు’, దాని తర్వాత క్రియ అప్పటికే ఉన్నాయి కాబట్టి వాటిని ముట్టుకోలేదు. మొదటిది సరిపోయిందని, మిగిలిన రెండూ ఇంకా తప్పేనని పైఅధికారి మళ్ళీ తిప్పి పంపారు. నేను పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివాను. కంఠస్థం చేయమంటే చేస్తాను, కానీ ఒక క్రియకు ‘టు’ కావలసి వచ్చి మరొక క్రియకు అక్కరలేకపోవడానికి కారణం ఏదైనా ఉంటే తెలుసుకోవాలని ఉంది.

రామంతాపూర్_రైలు

కారణం అర్థంలోనే ఉంది. ‘వాంట్’ అన్నప్పుడు మన మనసులో కోరిక మాత్రమే ఉంటుంది, పని ఇంకా జరగలేదు, జరుగుతుందో లేదో కూడా తెలియదు. అందువల్ల కోరికకూ పనికీ మధ్య ఉన్న దూరాన్ని ‘టు’ చూపిస్తుంది. ‘మేక్’, ‘లెట్’ అన్నప్పుడు అధికారం మన చేతిలో ఉంటుంది, పని వెంటనే జరిగిపోతుంది, కాబట్టి మధ్యలో ‘టు’ ఉండదు. అధికారం ఉన్న క్రియలకు ‘టు’ రాదని గుర్తుపెట్టుకుంటే చాలు.

నిజాంపేట_అమ్మ

రామంతాపూర్ గారి సూత్రం వినడానికి బాగుంది కానీ, ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి అభ్యాస పుస్తకం ముందు అది నిలబడడం లేదు. అందులో ‘దే ఫోర్స్‌డ్ హిమ్ టు గో’ అని ఉంది. బలవంతంగా పంపించడంలో ఉన్నంత అధికారం ఇంకెక్కడ ఉంటుంది? అయినా అక్కడ ‘టు’ వచ్చింది. అలాగే ‘అలౌ హిమ్ టు గో’, ‘లెట్ హిమ్ గో’ రెండింటికీ వెళ్ళనివ్వడమనే అర్థం. అర్థం ఒక్కటే అయినప్పుడు ఒకదానికి ‘టు’ ఉండి మరొకదానికి లేకపోవడాన్ని మీ సూత్రం ఎలా వివరిస్తుంది?

రామంతాపూర్_రైలు

‘ఫోర్స్’ సంగతి నేను ఆలోచించలేదని ఒప్పుకుంటున్నాను. అయితే దూరం అన్న మాట పూర్తిగా తప్పని నాకు అనిపించడం లేదు. ‘అలౌ’ అంటే అనుమతి ఇవ్వడం వరకే, అతను వెళ్ళాడో లేదో ఆ మాట చెప్పదు. ‘మేడ్ హిమ్ గో’ అంటే అతను వెళ్ళి తీరాడు.

చిక్కడపల్లి_మాస్టారు

ముప్పై ఏళ్ళకు పైగా ఉన్నత పాఠశాలల్లో ఇంగ్లీషు చెప్పి ఇటీవలే విరమించినవాణ్ణి కనుక, ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. దీన్ని అర్థంతో విప్పడానికి ప్రయత్నించిన ప్రతిసారీ నిజాంపేట అమ్మగారు చూపించినటువంటి జంట ఒకటి ఎదురవుతుంది. ‘అలౌ’కు ‘లెట్’ జంట, ‘ఫోర్స్’కు ‘మేక్’ జంట, ‘గెట్’కు ‘హావ్’ జంట. ప్రతి జంటలోనూ అర్థం దాదాపు ఒకటే, నిర్మాణం మాత్రం వేరు. కాబట్టి నిర్మాణం అర్థాన్ని బట్టి కాక క్రియను బట్టి వస్తుందని ముందుగా ఒప్పుకోవాలి. భారం ఎక్కువని భయపడనక్కరలేదు. ఒకరి చేత పని జరిపించే క్రియల్లో ‘టు’ లేకుండా నడిచేవి ముఖ్యంగా మూడే: ‘లెట్’, ‘మేక్’, ‘హావ్’. చూడడం, వినడం చెప్పే ‘సీ’, ‘హియర్’ వంటి కొన్ని కూడా వాటి పక్కనే నిలబడతాయి. ‘వాంట్’, ‘టెల్’, ‘ఆస్క్’, ‘అలౌ’, ‘ఫోర్స్’, ‘ఎక్స్‌పెక్ట్’, ‘అడ్వైజ్’, ‘గెట్’ మొదలైన మిగిలిన పెద్ద గుంపుకు ‘టు’ కావాలి.

కారణం అడిగారు కాబట్టి చరిత్ర కొంచెం చెబుతాను. ఇప్పుడు మనం క్రియకు గుర్తుగా అనుకునే ‘టు’ మొదట్లో ‘వైపు’ అనే అర్థం గల ఒక విడి మాట. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో ‘వెళ్ళడం’ అనే రూపాన్ని చూపడానికి ‘టు’తో పని లేకుండా క్రియ చివర ‘అన్’ అనే ప్రత్యయం సరిపోయేది. కాలక్రమంలో ఆ ప్రత్యయం అరిగిపోయింది, ‘టు’ ఒక్కొక్క క్రియ పక్కకూ పాకుతూ వచ్చింది. బాగా వాడుకలో ఉన్న కొన్ని పాత క్రియల దగ్గర మాత్రం అది నిలదొక్కుకోలేకపోయింది. ‘కెన్ గో’, ‘మస్ట్ గో’ అనే చోట మనం ‘టు’ పెట్టకపోవడం కూడా ఆ పాత అలవాటు మిగలడమే.

ఇక మన భాష వైపు చూడండి. ‘వెళ్ళనివ్వు’ అనే మాటను విడదీస్తే ‘వెళ్ళన్’, ‘ఇవ్వు’ అని రెండు ముక్కలు వస్తాయి. ఆ ‘వెళ్ళన్’ మన వ్యాకరణంలోని తుమర్థకం. రెండు భాషల్లోనూ ‘అన్’ ఉండడం కేవలం కాకతాళీయం, వాటికి చుట్టరికం ఏమీ లేదు, కానీ పోలిక గుర్తుపెట్టుకోవడానికి పనికివస్తుంది. ‘వెళ్ళనివ్వు’లో క్రియకూ ‘ఇవ్వు’కూ మధ్య ఇంకే మాటా లేదు, ‘లెట్ హిమ్ గో’లోనూ లేదు. మనం రోజూ అనే ‘పోనీ’, ‘రానీ’, ‘ఉండనీ’ అన్నీ ఈ అచ్చులో పోసినవే. దీనికి భిన్నంగా ‘అతను వెళ్ళాలని కోరుకుంటున్నాను’ అన్నప్పుడు ‘అని’తో ముగిసే ఒక పూర్తి వాక్యం లోపల ఇమిడి ఉంది. ఆ ‘అని’ని వెతుక్కుంటూనే మీరు ‘వాంట్ దట్’ అని రాశారు.

పాతబస్తీ_పిల్ల

మాస్టారు గారు చెప్పినది చదువుతూ ఉంటే మా ఇంటి భాష గుర్తుకు వచ్చింది. మేము ఇంట్లో ఉర్దూ మాట్లాడతాము, నేను చదువుకున్నది మాత్రం తెలుగులో. ఉర్దూలో ‘ఉసే జానే దో’ అంటాము, అంటే ‘అతన్ని వెళ్ళనివ్వు’. అక్కడ కూడా ‘ఇవ్వు’ అనే క్రియే ఉంది. కోరిక చెప్పాలంటే ‘మైఁ చాహ్‌తీ హూఁ కె వో జాయె’ అంటాము, అక్కడ తెలుగులోని ‘అని’ లాగా ‘కె’ వచ్చి ఒక పూర్తి వాక్యం తగులుకుంటుంది. అందుకే కాబోలు మా తమ్ముడూ మా పక్కింటి తెలుగు అబ్బాయీ ఒకే రకంగా ‘ఐ వాంట్ దట్ హి గోస్’ అని రాస్తారు. ఈ ఊళ్ళో రెండు భాషలూ కలిసి మనల్ని ఒకే తప్పు వైపు తోస్తున్నాయి.

మాదాపూర్_మెట్లు

‘వాంట్ దట్’ ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమైంది. కానీ మాస్టారు గారూ, మీ పోలిక ప్రకారం ‘లెట్’ దగ్గర నేను తప్పు చేయకూడదు కదా? తెలుగులో మధ్యన ఏమీ లేకపోయినా నేను ‘లెట్ అస్ టు నో’ అని ఎందుకు రాశాను?

చిక్కడపల్లి_మాస్టారు

అది తెలుగు చేయించిన తప్పు కాదు, పాఠం చేయించిన తప్పు. ‘వాంట్’, ‘టెల్’, ‘ఆస్క్’ వంటివాటిని ముందుగా, ఎక్కువగా నేర్పిస్తాము. ‘మనిషి, టు, క్రియ’ అనే వరుస ఒకసారి చేతికి అలవాటు పడితే, విద్యార్థి దాన్ని అన్ని క్రియలకూ పూస్తాడు. ‘మేక్’, ‘లెట్’ల పక్కన ‘టు’ రాసేవాళ్ళలో ఇంగ్లీషు కొంత వచ్చినవాళ్ళే ఎక్కువగా ఉండడం నా తరగతి గదిలో ఏటా చూశాను.

బోయిన్‌పల్లి_గంట

మాస్టారు గారితో ఒక్క విషయంలో విభేదిస్తున్నాను. ‘మేక్’కు ‘టు’ రాదని అంత గట్టిగా చెప్పలేము. మా చర్చిలో చిన్నప్పటి నుంచీ ఇంగ్లీషు ఆరాధనలో చదివే 23వ కీర్తనలో ‘హి మేకెత్ మి టు లై డౌన్’ అని స్పష్టంగా ఉంది. అది 1611 నాటి అనువాదం. అంత జాగ్రత్తగా చేసిన అనువాదంలో తప్పు ఉంటుందని నేను అనుకోను.

చిక్కడపల్లి_మాస్టారు

చాలా మంచి ఉదాహరణ తెచ్చారు, అందులో తప్పేమీ లేదు. ఆ కాలంలో ‘మేక్’ తర్వాత ‘టు’ పెట్టడమూ ఉండేది, పెట్టకపోవడమూ ఉండేది. నేను చెప్పిన పాకడం అప్పటికి తెగని వ్యవహారంగా ఉందనడానికి ఆ వాక్యమే సాక్ష్యం. తర్వాతి కాలంలో కర్తరి వాక్యాల్లో ‘టు’ వెనక్కి తగ్గింది, ఇప్పుడు అలా రాస్తే తప్పుగానే లెక్కిస్తారు. అదే వాక్యం తెలుగులో ‘నన్ను పరుండజేయుచున్నాడు’ అని ఉండడం మీకు తెలిసే ఉంటుంది. ‘పరుండన్’ అనే తుమర్థకానికి నేరుగా ‘చేయు’ తగిలింది. ‘మేక్’, దాని పక్కనే ఖాళీ క్రియ. నేటి ఇంగ్లీషు నిర్మాణం తెలుగు కీర్తనలో అప్పటికే సిద్ధంగా ఉంది.

అయితే ‘మేక్’ దగ్గర ‘టు’ పూర్తిగా మాయం కాలేదు. వాక్యాన్ని కర్మణిలోకి తిప్పితే అది తిరిగి వస్తుంది. ‘దే మేడ్ హిమ్ వెయిట్’ అనేదాన్ని తిప్పితే ‘హి వాజ్ మేడ్ టు వెయిట్’ అవుతుంది. అక్కడ ‘టు’ వదిలేసి ‘హి వాజ్ మేడ్ వెయిట్’ అంటే తప్పు.

మాదాపూర్_మెట్లు

ఇది నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. మొన్న ఒక కార్యాలయంలో నన్ను గంటసేపు నిలబెట్టారు. దాన్ని ‘దే మేడ్ మి స్టాండ్ ఫర్ ఎన్ అవర్’ అనాలి, నన్ను ముందుకు తెస్తే ‘ఐ వాజ్ మేడ్ టు స్టాండ్ ఫర్ ఎన్ అవర్’ అనాలి, అంతేనా? అలాగైతే ‘లెట్’ను కూడా తిప్పి ‘ఐ వాజ్ లెట్ టు గో’ అనవచ్చా?

చిక్కడపల్లి_మాస్టారు

మొదటి రెండూ సరైనవే. ‘లెట్’ మాత్రం ఆ తిప్పడానికి సాధారణంగా లొంగదు. అక్కడ దాని జంటను పిలిచి ‘ఐ వాజ్ అలౌడ్ టు గో’ అనాలి. ‘సీ’, ‘హియర్’ మాత్రం ‘మేక్’ దారిలోనే నడుస్తాయి. ‘వి సా హిమ్ లీవ్’ అనే వాక్యం తిరిగితే ‘హి వాజ్ సీన్ టు లీవ్’ అవుతుంది.

ఉప్పల్_ఊసు

‘లెట్ హిమ్ గో’ అంటే ఉద్యోగంలోంచి తీసేయడం అని ఇక్కడ ఎవరూ ఎందుకు చెప్పడం లేదో నాకు అర్థం కావడం లేదు. నాలుగేళ్ళ కిందట మా బృందంలో ఒకతను వారం రోజులుగా కనిపించకపోతే ఏమయ్యాడని అడిగాను. మా మేనేజరు ‘వి హాడ్ టు లెట్ హిమ్ గో’ అన్నారు. సెలవు మంజూరు చేశారని అనుకుని, ‘ఎప్పుడు తిరిగి వస్తాడు’ అని అడిగాను. గదిలో అందరూ మౌనంగా ఉండిపోయారు. ఆ మాటకు ఉన్న ఈ అర్థాన్ని ముందుగా నేర్పించాలి.

రామంతాపూర్_రైలు

ఉప్పల్ అన్నా, ఇక్కడ అడిగింది ‘టు’ ఎందుకు రాదన్న సంగతి. అయినా మీ అనుభవం వల్ల ఒక ఉపయోగం కలిగింది. ‘హి వాజ్ లెట్ గో’ అని నేను చాలాసార్లు విన్నాను. ‘లెట్’ కర్మణిలోకి తిరగదని మాస్టారు గారు ఇప్పుడే అన్నారు. మరి ఇది ఎలా తిరిగింది?

చిక్కడపల్లి_మాస్టారు

‘లెట్ గో’ అక్కడ ఒకే క్రియగా అతుక్కుపోయింది. ‘తీసేశారు’ అన్నప్పుడు మనం ‘తీసి’నీ ‘వేశారు’నూ విడిగా తలచుకోనట్టే, వాళ్ళూ ఆ రెండు మాటలను విడిగా తలచుకోరు. అందుకే అది కర్మణిలో నిలబడుతుంది, అందుకే అక్కడ ‘టు’ కూడా రాదు. ‘సాధారణంగా’ అని నేను ముందే అన్నది ఇలాంటివాటిని దృష్టిలో పెట్టుకునే.

నిజాంపేట_అమ్మ

నా సొంత సంగతి ఒకటి చెబుతాను, ఇది ‘టు’ గురించి కాదు, మధ్యలో ఉండే మనిషి గురించి. మా అమ్మాయిని ఒక రోజు మధ్యాహ్నం రెండు గంటలకు దంతవైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళవలసి వచ్చి, తరగతి ఉపాధ్యాయినికి ‘ప్లీజ్ అలౌ టు గో ఎట్ టూ’ అని చీటీ రాశాను. ఎవరిని పంపాలని ఆవిడ వెనక్కి అడిగారు, ఎందుకంటే మా అక్క కూతురు కూడా అదే తరగతి చదువుతోంది, ఇద్దరి చీటీలూ నేనే రాస్తూ ఉంటాను. తెలుగులో ‘రెండింటికి పంపించండి’ అన్నా, ‘వెళ్ళనివ్వండి’ అన్నా సరిపోతుంది. మనిషి పేరు సందర్భంలోనే ఉందని మనం అనుకుంటాము. ‘అలౌ’కు అలా కుదరదని, ‘అలౌ హర్ టు గో’ అని రాసి తీరాలని ఆ రోజు తెలిసింది. అంతకంటే ప్రమాదం ‘వాంట్’ దగ్గర ఉంది. ‘ఐ వాంట్ టు గో’ అంటే వెళ్ళేది నేనే అయిపోతాను.

పాతబస్తీ_పిల్ల

మీ చివరి మాట చాలా నిజం, అక్కా. తెలుగులో ‘వెళ్ళాలనుకుంటున్నాను’ అంటే నేను వెళ్ళాలని, ‘అతను వెళ్ళాలనుకుంటున్నాను’ అంటే అతను వెళ్ళాలని. ముందు ఒక్క మాట చేరుతుంది, తక్కినదంతా అలాగే ఉంటుంది. ఇంగ్లీషులో ఆ మాట మధ్యలోకి దూరాలి, పైగా ‘హి’ కాస్తా ‘హిమ్’ కావాలి. మా తమ్ముడు ‘ఐ వాంట్ హి టు గో’ అని రాయడం కూడా నేను చూశాను. తెలుగులో అక్కడ ‘అతను’ అనే ఉంటుంది కానీ ‘అతన్ని’ ఉండదు కదా.

గణితం_గది

పాతబస్తీ గారు పట్టుకున్న ‘అతను’, ‘అతన్ని’ తేడాలో అసలు విషయం దాగి ఉందని నా నమ్మకం. ఇంగ్లీషులో ‘ఐ వాంట్ హిమ్ టు గో’, ‘ఐ పర్‌స్వేడెడ్ హిమ్ టు గో’ అనే రెండు వాక్యాలు పైకి కవల పిల్లల్లా కనిపిస్తాయి. తెలుగులోకి తెస్తే కవలలు కావని వెంటనే తెలుస్తుంది. మొదటిది ‘అతను వెళ్ళాలని కోరుకుంటున్నాను’, రెండవది ‘అతన్ని వెళ్ళమని ఒప్పించాను’. ఒప్పించడం అనే పని నేరుగా అతనికే తగులుతుంది కాబట్టి ద్వితీయా విభక్తి వచ్చింది. కోరిక అతనికి తగలదు, అతను వెళ్ళడం అనే మొత్తం సంఘటనకు తగులుతుంది, కాబట్టి ‘అతను’ కర్తగానే ఉండిపోయాడు. ఇంగ్లీషు ‘హిమ్’ ఈ తేడాను కప్పేస్తోంది.

దీన్ని వర్షంతో పరీక్షించవచ్చు. ‘ఐ వాంట్ ఇట్ టు రెయిన్’ అనవచ్చు, ఎందుకంటే వర్షం పడాలని కోరుకోవచ్చు. వర్షాన్ని పడమని ఒప్పించలేము కాబట్టి ‘ఐ పర్‌స్వేడెడ్ ఇట్ టు రెయిన్’ అర్థం లేని వాక్యం. కర్మణిలోకి తిప్పి చూసినా ఈ తేడా బయటపడుతుంది. ‘హి వాజ్ పర్‌స్వేడెడ్ టు గో’ సరైన వాక్యం, ‘హి వాజ్ వాంటెడ్ టు గో’ అని మాత్రం అనరు. ‘వాంట్’కు ‘అతను’ నిజమైన కర్మ కాదు కాబట్టే అతన్ని వాక్యం ముందుకు లాగడం కుదరలేదని నేను అనుకుంటున్నాను.

నిజాంపేట_అమ్మ

మీ తర్కం నాకు నచ్చింది కానీ, ‘ఎక్స్‌పెక్ట్’ దగ్గర ఆగిపోయాను. ‘ఐ ఎక్స్‌పెక్ట్ ఇట్ టు రెయిన్’ అంటాము, కాబట్టి వర్షం పరీక్షలో అది ‘వాంట్’ పక్కన చేరింది. అయినా ‘హి ఈజ్ ఎక్స్‌పెక్టెడ్ టు గో’ అని రోజూ వార్తల్లో వింటున్నాము. మరి కర్మణి పరీక్షలో అది ‘పర్‌స్వేడ్’ పక్కన ఎలా చేరింది?

గణితం_గది

దానికి నా దగ్గర జవాబు లేదు. వర్షం పరీక్ష అర్థాన్ని సరిగ్గా పట్టిస్తోందని ఇప్పటికీ అంటాను, కర్మణి గురించి నేను చెప్పిన కారణాన్ని మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను. మాస్టారు గారు ఏమంటారో చూడాలి.

చిక్కడపల్లి_మాస్టారు

‘వాంట్’ కర్మణికి లొంగకపోవడం ఆ క్రియకే ఉన్న స్వభావమని చెప్పి నేను తరగతిలో ముందుకు సాగిపోయేవాణ్ణి. ‘లైక్’ కూడా అంతే, ‘ఐ లైక్ హిమ్ టు కమ్ ఎర్లీ’ అంటారు, ‘హి ఈజ్ లైక్‌డ్ టు కమ్’ అనరు. మనసులోని ఇష్టాన్ని చెప్పే క్రియలు ఇలా ఉంటాయని గమనించాను, అంతకుమించి కారణం చెప్పే ధైర్యం చేయను.

రామంతాపూర్_రైలు

నా దూరం సిద్ధాంతాన్ని వదిలేసే ముందు ‘హెల్ప్’ను ఒకసారి చూడండి. ‘హెల్ప్ హిమ్ కారీ ద బ్యాగ్’, ‘హెల్ప్ హిమ్ టు కారీ ద బ్యాగ్’ రెండూ ఒప్పేనని అందరూ అంటారు. సంచికి నేను కూడా ఒక చెయ్యి వేస్తే ‘టు’ లేకుండా, పక్కన నిలబడి సలహా ఇస్తే ‘టు’తో చెప్పాలని నాకు ఎవరో నేర్పారు. అది నిజమైతే ‘టు’ దూరాన్నే చూపుతున్నట్టు కదా?

చిక్కడపల్లి_మాస్టారు

ఆ మాట నేనూ విన్నాను, కానీ మంచి రచనలు చదువుతూ గమనిస్తే ఆ తేడాను ఎవరూ పాటించినట్టు నాకు కనిపించలేదు. అమెరికా వాళ్ళు ‘టు’ లేని రూపాన్ని ఎక్కువగా ఇష్టపడతారు, బ్రిటన్‌లో రెండూ వినిపిస్తాయి. మాదాపూర్ అబ్బాయి మెయిల్‌లో ఏది రాసినా పైఅధికారి గీత పెట్టరు.

రామంతాపూర్_రైలు

వాడుకలో పాటించడం లేదంటే ఒప్పుకుంటాను, మనసులో ఆ తేడా లేదంటే మాత్రం ఒప్పుకోలేను.

పాతబస్తీ_పిల్ల

‘హావ్’ను అందరూ దాటవేశారు, నాకు రోజూ అవసరమయ్యేది అదే. నేను ఒక ఆసుపత్రి ముందు బల్ల దగ్గర పని చేస్తున్నాను. డాక్టరు గారు లేనప్పుడు ఎవరైనా విదేశం నుంచి ఫోన్ చేస్తే, ‘ఆయన చేత ఫోన్ చేయిస్తాను’ అని చెప్పాలి. మొదట్లో ‘ఐ విల్ మేక్ కాల్ బై హిమ్’ అనేదాన్ని. ‘చేత’ ఉంది కదా అని ‘బై’ పెట్టాను, ‘చేయించడం’ ఉంది కదా అని ‘మేక్’ పెట్టాను. అవతలివాళ్ళకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. మా పెద్దావిడ దాన్ని ‘ఐ విల్ హావ్ హిమ్ కాల్ యు’ అని సరిదిద్దారు. ఆ ఒక్క వాక్యం నేర్చుకున్నాక నా పని ఎంతో తేలికైంది.

బోయిన్‌పల్లి_గంట

అక్కడ ‘మేక్ హిమ్ కాల్ యు’ అంటే కూడా వ్యాకరణం సరిపోతుంది కదా?

పాతబస్తీ_పిల్ల

వ్యాకరణం సరిపోతుంది, మర్యాద సరిపోదు. డాక్టరు గారిని మెడ పట్టి ఫోన్ చేయిస్తానన్నట్టు ఉంటుంది. ‘హావ్’లో ఆ పని ఆయన మామూలుగా చేసేదే, నేను చెబితే చేస్తారన్న భావం ఉంటుంది. ‘గెట్ హిమ్ టు కాల్ యు’ అంటే, ఆయనకు తీరిక లేకపోయినా ఎలాగో ఒప్పిస్తానన్న ధ్వని వస్తుంది, అక్కడ ‘టు’ తప్పదు. తెలుగులో ఈ మూడింటికీ ‘చేయిస్తాను’ ఒక్కటే సరిపోతుంది కాబట్టి మనకు ఎంపిక దగ్గర తడబాటు వస్తుంది.

చిక్కడపల్లి_మాస్టారు

నేను ఇంత చక్కగా చెప్పలేకపోయేవాణ్ణమ్మా. ‘చేత’కు ఇంకో దారి కూడా ఉంది. చేసే మనిషిని చెప్పనక్కరలేనప్పుడు పని జరిగే వస్తువును మధ్యలో పెట్టి, క్రియను భూతకాల విశేషణ రూపంలో రాయాలి. జుట్టు కత్తిరించుకున్నప్పుడు మనలో చాలామంది ‘ఐ కట్ మై హెయిర్’ అంటారు, వినేవాళ్ళు సొంతంగా కత్తిరించుకున్నారని అనుకుంటారు. ‘ఐ హాడ్ మై హెయిర్ కట్’ అంటే మంగలి చేత చేయించుకున్నట్టు అవుతుంది.

మాదాపూర్_మెట్లు

సరిదిద్దిన మెయిల్ ఈ రోజు మధ్యాహ్నం పంపించాను. ‘వి వాంట్ యువర్ టీమ్ టు చెక్ ద రిపోర్ట్’ అన్నది మరీ ఆజ్ఞలా ఉందని పైఅధికారి దాన్ని ‘వి వుడ్ లైక్ యువర్ టీమ్ టు చెక్ ద రిపోర్ట్’ అని మార్చారు, నిర్మాణం మాత్రం అదే. రెండవది ‘ద ఎర్రర్ మేడ్ ద సర్వర్ రీస్టార్ట్’ అని, మూడవది ‘ప్లీజ్ లెట్ అస్ నో’ అని రాశాను. రెండవ దాన్ని నేను ‘ద ఎర్రర్ కాజ్‌డ్ ద సర్వర్ టు రీస్టార్ట్’ అని కూడా రాసి చూపించాను. సాంకేతిక విషయాలకు ‘కాజ్’ బాగుంటుందని ఆయన దాన్నే ఉంచారు. దానితో ‘టు’ మళ్ళీ వచ్చింది, ఈసారి ఎందుకు వచ్చిందో నాకు తెలుసు.

అయితే నాలుగవ గీత ఒకటి కొత్తగా పడింది. ‘వి సజెస్ట్ యు టు అప్‌గ్రేడ్’ అని చివర్లో రాశాను. ‘అడ్వైజ్ యు టు’ సరైనప్పుడు ‘సజెస్ట్ యు టు’ కూడా సరైనదే అనుకున్నాను. రెండూ సలహా ఇవ్వడమే కదా?

చిక్కడపల్లి_మాస్టారు

ఇక్కడ మీరు మొదట వదిలిపెట్టిన ‘దట్’ను తిరిగి పిలవాలి. ‘వి సజెస్ట్ దట్ యు అప్‌గ్రేడ్’ అనాలి. ‘సజెస్ట్’ తర్వాత మనిషిని పెట్టి ‘టు’ పెట్టే దారి లేదు. ‘వాంట్’ దగ్గర తెలుగులోని ‘అని’ మిమ్మల్ని తప్పుదారి పట్టించింది. ఇక్కడ ‘మీరు మార్చుకోవాలని సూచిస్తున్నాము’ అనే తెలుగు వాక్యాన్ని ఉన్నదున్నట్టు అనుసరించినా చాలు. ఇంకో మాట, అక్కడ మూడో మనిషి వచ్చినా ‘దట్ హి గో’ అనే రాస్తారు, ‘గోస్’ కాదు, బ్రిటన్‌లో ‘దట్ హి షుడ్ గో’ అని కూడా అంటారు.

నిజాంపేట_అమ్మ

‘టెల్’ గురించి ఒక్క మాట చేర్చాలి, ఎందుకంటే మా అమ్మాయి నిన్న అక్కడే పొరబడింది. ‘వెళ్ళొద్దన్నాను’ అనడానికి ‘ఐ డిడ్ నాట్ టెల్ హర్ టు గో’ అని రాసింది. అది ‘వెళ్ళమనలేదు’ అవుతుంది. వద్దని చెప్పినప్పుడు ‘నాట్’ను ‘టు’ ముందుకు తెచ్చి ‘ఐ టోల్డ్ హర్ నాట్ టు గో’ అనాలి. ‘మనలేదు’కూ ‘వద్దన్నాను’కూ ఉన్న తేడా చెప్పగానే తానే దిద్దుకుంది.

గణితం_గది

దాన్ని ‘వాంట్’తో చేసి చూడండి. ‘ఐ డోంట్ వాంట్ హర్ టు గో’ అంటే మాటల వరుసను బట్టి ‘ఆమె వెళ్ళాలని నాకు లేదు’ అని మాత్రమే రావాలి, కానీ అందరూ దాన్ని ‘వెళ్ళకూడదు’ అనే అర్థంలోనే వాడతారు. తెలుగులో కూడా ‘వెళ్ళాలని లేదు’ అంటే వెళ్ళడం ఇష్టం లేదనే తీసుకుంటాము. ‘టెల్’ దగ్గర రెండు అర్థాలూ విడిగా నిలబడి, ‘వాంట్’ దగ్గర ఒకదానిలో ఒకటి కలిసిపోవడం వర్షం పరీక్షతో ఏదో సంబంధం ఉన్న విషయమే అనిపిస్తోంది. ‘ఎక్స్‌పెక్ట్’ ప్రశ్న కూడా ఇంకా అలాగే ఉంది. ఎవరికైనా దారి కనిపిస్తే ఇక్కడే రాయండి.